ఏటీపీ విలువ కణంలో ఎందుకు మారుతుంది?

ప్రశ్న: ఏటీపీ జలవిశ్లేషణకు పుస్తకంలో మోలుకు −30.5 కిలోజౌళ్లని ఉంది, కణంలో −50 దాటుతుందంటారు. ఎందుకు? ఆ శక్తి జరగని చర్యను ఎలా జరిపిస్తుంది?

−30.5 అనేది పీహెచ్ 7 వద్ద ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్ మూడూ 1 మోలార్ ఉన్నప్పటి లెక్క. అంత గాఢత ఏ కణంలో ఉంటుంది? ఎర్ర రక్తకణంలో ఏటీపీ సుమారు 2.25, ఏడీపీ 0.25, ఫాస్ఫేట్ 1.65 మిల్లీమోలార్. వీటిని మోలార్‌లోకి మార్చి ఈ సూత్రంలో వేస్తే దాదాపు −52 వస్తుంది:

ΔG = ΔG°′ + RT ln([ADP][Pi]/[ATP])

ఇందులో ΔG°′ అంటే ఆ −30.5, R వాయు స్థిరాంకం, T కెల్విన్‌లో ఉష్ణోగ్రత, Pi ఫాస్ఫేట్.

గ్లూకోజుకు ఫాస్ఫేట్ తగిలించడానికి ప్రామాణిక విలువ +13.8. దానికి −30.5 కలిపితే −16.7, చర్య ముందుకు సాగుతుంది. అయితే ఏటీపీ పక్కన విడిగా నీటితో విడిపోతే మిగిలేది వేడే. హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను నీటికి చిక్కనివ్వకుండా నేరుగా గ్లూకోజుకే అందిస్తుంది.