60 రోజుల నోటీస్ అయితే రిజిగ్నేషన్ లెటర్‌లో లాస్ట్ వర్కింగ్ డే ఏ తేదీ వేయాలి?

ప్రశ్న: మధురవాడలో ఒక కంపెనీలో చేస్తున్నా, నోటీస్ పీరియడ్ 60 రోజులు. వచ్చే సోమవారం మార్చి 3న రిజైన్ చేద్దామనుకుంటున్నా. రెండు నెలలే కదా అని లాస్ట్ వర్కింగ్ డే ఏప్రిల్ 30 అని రాసేస్తే సరిపోతుందా? హైదరాబాద్‌లో కొత్త కంపెనీ వాళ్లు మే 5న జాయిన్ అవ్వమన్నారు.

జవాబు:

సరిపోదండి, మే 2 అని రాయండి. లెటర్ ఇచ్చిన రోజు వదిలేసి మర్నాటి నుంచి లెక్కపెట్టండి, మార్చి 4 నుంచి 31 దాకా 28 రోజులు, ఏప్రిల్ మొత్తం 30, కలిపితే 58, మిగతా రెండు మేలో పడతాయి, అలా మే 2 వస్తుంది. కొన్ని కంపెనీలు లెటర్ ఇచ్చిన రోజునే మొదటి రోజుగా తీసుకుంటాయి, అప్పుడు మే 1 అవుతుంది గానీ అది మేడే, చాలా ఆఫీసులకి సెలవు, ల్యాప్‌టాప్ తీసుకుని సంతకం పెట్టేవాళ్లు కూడా ఉండరు. అందుకే ఏ లెక్కన చూసినా మే 2 శుక్రవారమే మంచిది. శని ఆదివారాలు, పండగలు అన్నీ 60లో కలిసిపోతాయి, మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో పనిదినాలు అని ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప. ఆ కాగితం ఒకసారి బయటకి తీసి ఆ ఒక్క పేరా చదవండి, 60 రోజులు అని ఉందా రెండు నెలలు అని ఉందా చూడండి, ఎందుకంటే రెండు నెలలు అని ఉంటే తేదీ ఒక రోజు అటూ ఇటూ అవుతుంది.

ఏప్రిల్ 30 అని రాస్తే రెండు రోజులు తక్కువ పడుతుంది, దాన్ని షార్ట్‌ఫాల్ అంటారు, ఫుల్ అండ్ ఫైనల్‌లో కట్ చేస్తారు. ఉదాహరణకి నెలకి గ్రాస్ 45,000 అనుకుంటే రోజుకి 1,500, రెండు రోజులకి 3,000 పోతాయి, కొన్ని చోట్ల బేసిక్ మీదే లెక్కేస్తారు, అది ఇంకా తక్కువ. డబ్బు పెద్ద విషయం కాదు గానీ, హెచ్ఆర్ మీ తేదీ ఒప్పుకోకుండా వాళ్ల తేదీ వేసి తిరిగి పంపుతారు, ఆ రాతకోతల్లో ఒక వారం పోతుంది.

ఇంకో విషయం, సోమవారమే ఇవ్వండి, వాయిదా వేయకండి. బుధవారం మార్చి 5న ఇచ్చారనుకోండి, 60వ రోజు మే 4 ఆదివారం పడుతుంది. అప్పుడు కొన్ని కంపెనీలు ముందు శుక్రవారమే వదిలేస్తాయి, కొన్ని సోమవారం దాకా ఉండమంటాయి, ఆ సోమవారమేమో మీ జాయినింగ్ డేట్.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను, మీకు పనికొస్తుంది. నేను రుషికొండ వైపు ఒక ఆఫీసులో చేసేవాణ్ణి, మాకూ 60 రోజులే. మేనేజర్‌కి ముందు నోటితో చెప్పాను, ఆయన "ఇప్పుడే మెయిల్ పెట్టకు, క్లయింట్‌తో మాట్లాడి నీకు ఏదో ఒకటి చేస్తాను, రెండు రోజులు ఆగు" అన్నారు. మంచి మనిషే, మనసులో ఏమీ లేదు. కానీ నోటితో చెప్పిన రోజు నుంచి నోటీస్ మొదలవ్వదు, కాగితం మీద పడ్డ రోజు నుంచే. "మాట్లాడుకుందాం సార్, మెయిల్ మాత్రం ఈరోజు పెట్టేస్తాను" అని చెప్పి అదే సాయంత్రం పంపేశాను, హెచ్ఆర్‌ని కాపీలో పెట్టి, నా పర్సనల్ మెయిల్‌ని బీసీసీలో పెట్టి. పోర్టల్‌లో కూడా అదే రోజు సబ్మిట్ చేశాను. ఆయన మాత్రం పోర్టల్‌లో అప్రూవ్ చేసేసరికి వారం దాటింది, సిస్టమ్ ఏం చేసిందంటే ఆయన అప్రూవ్ చేసిన రోజు నుంచి 60 లెక్కేసి లాస్ట్ వర్కింగ్ డే ఇంకో వారం అవతల చూపించింది. నేను పాత మెయిల్ ఫార్వర్డ్ చేసి "ఈ తేదీన ఇచ్చాను, లెక్క ప్రకారం ఈ తేదీ అవుతుంది" అని రెండు లైన్లు రాస్తే హెచ్ఆర్ వాళ్లు ఏమీ అనకుండా సరిచేశారు. మెయిల్‌లో తేదీ లేకపోయి ఉంటే నా దగ్గర చూపించడానికి ఏమీ ఉండేది కాదు. అందుకే లెటర్‌లో 60 రోజుల తర్వాత రిలీవ్ చేయండి అని వదిలెయ్యకుండా తేదీ అంకెల్లో రాయమంటున్నాను.

లెటర్ పొడుగు అక్కర్లేదు. ఇంగ్లీషులోనే పెడతారు కదా, విషయం మాత్రం ఇంతే ఉండాలి:

"నేను ఫలానా హోదాలో ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. దయచేసి ఈ మెయిల్‌ని మార్చి 3 తేదీ నాటి నా అధికారిక రాజీనామాగా తీసుకోండి. నా అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం 60 రోజుల నోటీస్ మార్చి 4 నుంచి లెక్కించగా నా చివరి పనిదినం మే 2, శుక్రవారం. ఈలోగా నా పనులు అప్పగించడానికి పూర్తిగా సహకరిస్తాను. ఈ తేదీని నిర్ధారిస్తూ జవాబు ఇవ్వగలరు."

కారణం వ్యక్తిగతం అంటే చాలు, కొత్త కంపెనీ పేరు, జీతం ఏమీ వద్దు. "వీలైతే ముందే వదిలెయ్యండి" అని ఇందులో కలపకండి, కలిపితే మీరే తేదీని వాళ్ల చేతిలో పెట్టినట్టు అవుతుంది, వచ్చే వారమే పొమ్మంటే మధ్యలో జీతం లేకుండా కూర్చోవాలి. ముందు వెళ్లాలనుంటే తర్వాత విడిగా అడగండి.

జవాబు రాకపోతే రెండు మూడు రోజులు చూసి అదే మెయిల్ మీద రిమైండర్ పెట్టండి, కొత్త మెయిల్ తీయకండి, పాత తేదీ కిందే కనపడాలి. హైదరాబాద్ వాళ్లు రిజిగ్నేషన్ యాక్సెప్టెన్స్ అడుగుతారు, అది మీకు ఈ జవాబే.

నోటీస్‌లో సెలవుల సంగతి ముందే కనుక్కోండి. మా టీమ్‌లో ఒకమ్మాయి సింహాచలంలో చుట్టాల పెళ్లికని మూడు రోజులు సెలవు పెట్టింది, లీవ్ బ్యాలెన్స్ ఉంది, మేనేజర్ కూడా సరే అన్నాడు, చివరికి హెచ్ఆర్ పాలసీ ప్రకారం నోటీస్‌లో పెట్టిన సెలవులన్నీ చివర్లో కలుపుతాం అని తన తేదీ మూడు రోజులు అవతలికి జరిపారు. అందరూ అలా చేయరు, మీ కంపెనీలో ఉందో లేదో అడిగి మెయిల్‌లో రాయించుకోండి. మీకు మే 2కీ మే 5కీ మధ్య ఉన్నది శని ఆదివారాలే, ఒక్క రోజు జరిగినా ఇబ్బందే.

వెళ్లాక పీఎఫ్‌లో డేట్ ఆఫ్ ఎగ్జిట్ కూడా చూసుకోండి, రిలీవింగ్ లెటర్‌లో ఉన్న మే 2నే ఉండాలి. కొందరు నెలాఖరు వేసేస్తారు, మే 31 పడితే మే 5 నుంచి కొత్త దగ్గర సర్వీస్ మొదలవుతుంది కాబట్టి రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. కంపెనీ అసలు తేదీ వేయకపోతే చివరి కాంట్రిబ్యూషన్ పడ్డ రెండు నెలలకి యూఏఎన్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు, కానీ వాళ్లు తప్పు తేదీ వేసేస్తే దాన్ని మార్పించుకోవడం మీకు అదనపు పని, అందుకని ఆఫీసులో ఆఖరి రోజు హెచ్ఆర్ దగ్గరకి వెళ్లినప్పుడే ఏ తేదీ వేస్తున్నారో అడిగేయండి.