r, k సమానమైనప్పుడు డివిడెండ్ పాలసీ బిట్‌కి జవాబు ఏది?

ప్రశ్న: "r = k అయినప్పుడు డివిడెండ్ పాలసీ షేరు ధరని మారుస్తుందా అనే బిట్‌కి ఒక గైడులో 'మార్చదు' అని, ఇంకో గైడులో 'ఎక్కువ డివిడెండ్ ఇస్తే ధర పెరుగుతుంది' అని ఉంది. రెండూ గోర్డన్ పేరు మీదే ఉన్నాయి. ఏది టిక్ పెట్టాలి?"

మీరు చెప్పిన ఈ బిట్ దగ్గరే నేనూ ఎం.కాం చదివే రోజుల్లో ఒక మాక్ టెస్టులో మార్కు పోగొట్టుకున్నాను. కీలో 'ధర పెరుగుతుంది' అని ఉంది. కీ తప్పని మా లెక్చరర్‌తో గట్టిగానే వాదించాను. ఆయన ఏమీ అనకుండా ప్రశ్నపత్రంలో ఒక లైను కింద పెన్నుతో గీత గీసి నా ముందు పెట్టారు: "డివిడెండ్ ఎంత దూరమైతే మదుపరులు అంత ఎక్కువ రాబడి కోరతారు." నేను ఆ లైను చదవకుండానే దాటేశాను.

రెండు గైడులూ కరెక్టే కావచ్చు. గోర్డన్ పేరు మీద రెండు వాదనలున్నాయి. ముందు మామూలు ఫార్ములా చూద్దాం:

```
P = E(1 − b) / (k − br)
```

ఇక్కడ E షేరుకి వచ్చే ఆదాయం, b కంపెనీ తనదగ్గర ఉంచుకునే వాటా, r ఆ ఉంచుకున్న డబ్బు మీద కంపెనీ సంపాదించే రేటు, k మదుపరులు కోరే రేటు. E 10 రూపాయలు, r, k రెండూ 10 శాతం అనుకోండి. కంపెనీ 20 శాతం ఉంచుకుంటే 8 ÷ (0.10 − 0.02), అంటే 100 రూపాయలు. 60 శాతం ఉంచుకుంటే 4 ÷ (0.10 − 0.06), మళ్ళీ అదే 100. అంటే డివిడెండ్ ఎంత ఇచ్చినా ధర మారదు. మీ మొదటి గైడు చెప్పేది ఇదే. ఈ లెక్క నిలబడాలంటే k స్థిరంగా ఉండాలి.

ఇప్పుడు ఆ గీత గీసిన లైను కలపండి. ఎప్పుడో ఇస్తామన్న డబ్బు కంటే ఇప్పుడు చేతికొచ్చే డబ్బు నయం అనుకునే మదుపరి, కంపెనీ 60 శాతం ఉంచేసుకుంటే 10కి బదులు 12 శాతం రాబడి అడుగుతాడు. అప్పుడు 4 ÷ (0.12 − 0.06), అంటే సుమారు 66.67 రూపాయలు. 20 శాతమే ఉంచుకున్నప్పుడు k ఇంకా 10 దగ్గరే ఉంది కాబట్టి ధర 100. దీన్నే 'బర్డ్ ఇన్ హ్యాండ్' వాదం అంటారు. మీ రెండో గైడు దీన్ని పట్టుకుంది.

గమనించారో లేదో, k 12కి చేరగానే r = k అన్నది పోయింది. k కదులుతుందని ఒప్పుకున్న తర్వాత ఆ సమానత్వం ఏదో ఒక పే అవుట్ దగ్గరే నిజమవుతుంది. అందుకే ఊరికే 'r = k' అని మాత్రమే ఇస్తే k స్థిరం అనుకుని 'మార్చదు' అనే పెడతాను. మదుపరుల రిస్కు గురించి ఒక్క మాటైనా కనిపిస్తే రెండోది. (మిల్లర్, మోడిగ్లియానీ దీన్ని ఒప్పుకోరు లెండి. రిస్కు కంపెనీ చేసే వ్యాపారం నుంచి వస్తుంది గానీ లాభాన్ని ఎలా పంచారన్న దాన్నుంచి కాదని వాళ్ళ వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది, కానీ పరీక్షలో నా అభిప్రాయం ఎవరికి కావాలి?)

r ఎక్కువైనప్పుడు ఇంకో మెలిక ఉంది. అదే కంపెనీకి r 12 శాతం, k 10 శాతమే అనుకోండి. వాల్టర్ ఫార్ములా ఇది:

```
P = [D + (r/k)(E − D)] / k
```

ఇక్కడ D షేరుకి ఇచ్చే డివిడెండ్. దాన్ని సున్నా పెడితే 12 ÷ 0.10, అంటే 120 రూపాయలు. వాల్టర్ ప్రకారం అదే గరిష్ఠం. కాబట్టి 'మొత్తం ఉంచుకోవాలి' అనేది సరైన ఆప్షను. అదే మాట గోర్డన్‌లో పెట్టి చూడండి: పైన సున్నా, కింద 0.10 − 0.12 వచ్చి నెగెటివ్ అవుతుంది, ఫార్ములా అక్కడ పనిచేయదు. దానికి k ఎప్పుడూ br కంటే ఎక్కువ ఉండాలి. నా ట్యూషన్ పిల్లల్లో చాలామంది వాల్టర్ జవాబుని గోర్డన్ బిట్‌లో పెట్టేది ఇక్కడే.

మిల్లర్–మోడిగ్లియానీ పేరు కనిపిస్తే మాత్రం r వైపు చూడక్కర్లేదు. పన్నులు, షేర్లు అమ్మే ఖర్చులు లేవు, పెట్టుబడి పాలసీ మారదు అన్న షరతులు ఉన్నాయా అని చూడండి. ఉంటే 'మార్చదు'. 100 రూపాయల షేరు, k 10 శాతం అయితే 5 రూపాయల డివిడెండ్ ఇస్తే ఏడాది చివర ధర 105, ఇవ్వకపోతే 110. మదుపరి చేతిలో ఎలా చూసినా 110. ప్రశ్నలో పన్నుల ప్రస్తావన ఉంటే ఈ జవాబుని నమ్ముకోకండి.

మీ రెండో గైడులో ఆ బిట్ పైనున్న రెండు మూడు లైన్లు కూడా ఇక్కడ టైప్ చేసి పెట్టండి. రిస్కు మాట అసలు లేకపోతే కీ తప్పేనని నేనే ఒప్పుకుంటాను.