‘చూద్దాంలే’ అంటే ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?

సందేహం: మా పెదనాన్నగారి అబ్బాయిని 40 వేలు చేబదులు అడిగాను. ‘చూద్దాంలే తమ్ముడూ, ట్రై చేస్తాను’ అన్నాడు. ఆ మాట నమ్మి నెల రోజులు ఇంకెవరినీ అడగలేదు, డబ్బు రాలేదు. ఇలాంటి మాట నిజంగా ప్రయత్నిస్తాననడమో, మెత్తగా కాదనడమో మాటను బట్టే తెలుసుకోవచ్చా?

సమాధానం: చాలావరకు తెలుసుకోవచ్చు. అయితే అందుకు ‘చూడు’ అనే క్రియ ఒక్కటే చాలదు. దాని ముందు ఏముంది, చివర ఏం చేరింది అన్నది గమనించాలి.

‘చూస్తాను’ అన్నప్పుడు చూసేది నేను. ‘చూద్దాం’ అన్నప్పుడు వినేవాడు కూడా అందులో కలుస్తాడు. ‘వెళ్దాం’, ‘తిందాం’ అన్నప్పుడు ఇద్దరూ కలిసి చేసే పని నిజంగానే ఉంటుంది. డబ్బు సర్దడంలో మాత్రం అడిగినవాడు చేయగలిగిందేమీ లేదు కనుక, అక్కడ ‘చూద్దాం’ అనడం వల్ల ఆ పని ఏ ఒక్కరి బాధ్యతా కాకుండా పోతుంది. మీ అన్నయ్యగారి మాటలో మొదట గమనించవలసింది ఇదే.

రెండవది ‘లే’. దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ‘లే’ చేరిన ప్రతి మాటా తిరస్కారం కాదు. ‘నేను చూసుకుంటాలే’, ‘వస్తానులే’ అన్నప్పుడు అది గట్టి భరోసా. ‘లే’ చేసే పని ఆ ప్రసంగాన్ని అక్కడితో ముగించడం. ‘ఇక దీని గురించి మాట్లాడనక్కరలేదు’ అన్న సూచన అందులో ఉంటుంది. తేలిన మాటకు అది చేరితే విషయం మీకు అనుకూలంగా ముగుస్తుంది. ‘చూద్దాం’ వంటి తేలని మాటకు చేరితే తేలకుండానే ముగుస్తుంది. తెలంగాణలో ‘చూద్దాం తియ్’ అన్నప్పుడు ‘తియ్’ చేసేదీ దాదాపు ఇదే పని. నిజంగా ఆలోచించదలచినవారికి ఆ సంభాషణను మూయవలసిన అవసరం ఉండదు. ‘ఎప్పటికి కావాలి?’, ‘మొత్తం ఒకేసారి కావాలా?’ అని వారే ఎదురు అడుగుతారు.

ఇక ‘ట్రై చేస్తాను’. తెలుగులో ప్రయత్నాన్ని చెప్పే సహజమైన పద్ధతి అసలు క్రియకు ‘చూడు’ చేర్చడం: ‘అడిగి చూస్తాను’, ‘కనుక్కుని చూస్తాను’. ఈ ప్రయోగంలో చేయబోయే పని ఏదో చెప్పక తప్పదు. ఏం చేస్తారో చెప్పకుండా ‘ప్రయత్నిస్తాను’ అని విడిగా అనే సౌకర్యం ‘ట్రై చేస్తాను’లో ఉంది. ఇంగ్లీషు మాట కావడం వల్ల కాదు, ఆ ఖాళీ వల్లే దాని మీద ఆధారపడలేము.

మీ అన్నయ్యగారు ఇలా అని ఉంటే ఎలా ఉండేదో చూడండి: ‘15న చీటీ పాట ఉంది, నాకు వస్తే సర్దుతాను, మర్నాడు ఒకసారి ఫోన్ చెయ్యి.’ ఇందులోనూ ఇస్తానన్న హామీ లేదు, చీటీ రాకపోతే డబ్బూ లేదు. అయినా ఇది నిజమైన ‘చూస్తాను’. అడ్డు ఏమిటో, అది ఎప్పుడు తేలుతుందో, ఆ తరువాత ఎవరు ఎవరికి చెప్పాలో మూడూ ఇందులో ఉన్నాయి. ‘వీలైతే ఇస్తాను’ అన్న మాటలోనూ షరతు ఉంది, కాని ఆ వీలు దేని మీద ఆధారపడిందో చెప్పలేదు కాబట్టి దాన్ని ఇంతగా నమ్మలేము.

దీన్ని మోసమని నేను అనుకోను. అన్నదమ్ముల మధ్య ‘ఇవ్వను’ అన్న మాట డబ్బు మాటగా మిగలదు, మనిషినే కాదన్నట్టు వినిపిస్తుంది. అందుకే ‘కుదరదు’, ‘వీలుపడదు’ అని కర్త లేని వాక్యాలను ఆశ్రయిస్తాము. అదీ కటువనిపించినప్పుడు ‘చూద్దాం’ దగ్గర ఆగుతాము. నలుగురి ఎదుట అడిగినప్పుడు ఇది మరీ ఎక్కువ. అలా వచ్చిన జవాబును బట్టి ఏదీ నిర్ణయించుకోకపోవడం మంచిది.

స్వభావరీత్యా ప్రతిదానికీ ‘చూద్దాంలే’ అని, చెప్పకుండానే పని చేసిపెట్టేవారూ ఉన్నారు. వారి విషయంలో మాట కన్నా పాత అనుభవమే ప్రమాణం. అది తెలియనప్పుడు ఒక్క ప్రశ్న చాలు: ‘అన్నయ్యా, నీకు ఇబ్బందైతే ఇంకోచోట కనుక్కుంటాను, ఎప్పటికి తెలుస్తుంది?’ కాదనే దారిని మీరే తెరిచారు కనుక ఆయన మొహమాటపడనవసరం లేదు. ‘తొందరపడకు, శుక్రవారానికి చెప్తాను’ అంటే శుక్రవారం వరకు ఆగవచ్చు. ‘అక్కడ కూడా కనుక్కో, ఈలోగా నేనూ చూస్తాను’ అంటే, మొదటి సగమే ఆయన జవాబు. రెండవ సగం మీ మనసు నొప్పించకుండా ఉండడానికి చేర్చినది. ఆ రోజే ఇంకొకరిని అడగండి.