టెక్ సందేహాలు: వేడి చేస్తే అణువుల దారి పొడవు పెరుగుతుందా?

ప్రశ్న: 30 సెంటీమీటర్ల వ్యాసమున్న, మూసేసిన గోళాకార పాత్రలో నైట్రోజన్‌ను 300 నుంచి 600 కెల్విన్‌ల దాకా వేడి చేస్తే ఏమవుతుందో చూద్దామని పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. సగటు స్వేచ్ఛా పథం రెట్టింపైందనీ, అభిఘాత పౌనఃపున్యం తగ్గిందనీ చూపిస్తోంది. మా లెక్చరర్ గారేమో పథం మారదు, పౌనఃపున్యం పెరుగుతుంది అంటున్నారు. నేను వాడింది పుస్తకంలోని `k*T/(sqrt(2)*pi*d**2*p)` సూత్రమే. తప్పెక్కడుంది? ఇంకో సంగతి, పీడనం 0.001 పాస్కల్ అని ఇస్తే పథం 6.8 మీటర్లని వస్తోంది. పాత్రే అంత పెద్దది కాదు కదండీ?

జవాబు: సూత్రం సరైనదే, మీ లెక్చరర్ గారు చెప్పినదీ సరైనదే. పొరపాటల్లా ఉష్ణోగ్రతను 600 చేసి, పీడనాన్ని మాత్రం పాత విలువ దగ్గరే ఉంచేయడంలో ఉంది. మూసిన పాత్రలో వాయువును వేడి చేస్తే దాని పీడనం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కనుక, 600 కెల్విన్‌ల దగ్గర `p` విలువ 101325 కాకుండా 202650 పాస్కల్‌లు కావాలి. పాత విలువనే ఉంచినందువల్ల, వేడెక్కిన కొద్దీ వాయువు వ్యాకోచించే, అంటే కదిలే ముషలకం బిగించిన పాత్రకు సంబంధించిన జవాబును మీ ప్రోగ్రాం ఇచ్చింది.

ఒక అణువు రెండు అభిఘాతాల మధ్య ఎంత దూరం పోగలదన్నది ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది: ఎదుటి అణువుల పరిమాణం, ఒక ఘనపు మీటరులో అవి ఎన్ని ఉన్నాయన్న సంఖ్యా సాంద్రత. అణువు వేగం ఇందులో కనిపించదు. అన్ని అణువులూ ఒకే నిష్పత్తిలో వేగం పుంజుకుంటే అవే అభిఘాతాలు త్వరత్వరగా జరుగుతాయే తప్ప, వాటి మధ్య దూరం మారదు. మీ సూత్రంలోని `p/(k*T)` అనే భాగం నిజానికి ఆ సంఖ్యా సాంద్రతే. పీడనం, ఉష్ణోగ్రత అనే రూపంలో రాసినందువల్ల పథం ఉష్ణోగ్రతతో నేరుగా పెరుగుతుందన్న భ్రమ కలుగుతుంది. అందుకే ఇలాంటి ప్రోగ్రాంలలో ఫంక్షన్‌కు పీడనం బదులు సాంద్రతనే ఇవ్వడం మేలని నా అభిప్రాయం. ఏది స్థిరంగా ఉందో రాసేవారికి కళ్ళెదుటే ఉంటుంది.

```python
from math import pi, sqrt
k, d, m = 1.380649e-23, 3.7e-10, 4.65e-26
n = 101325 / (k * 300)
for T in (300, 600):
    lam = 1 / (sqrt(2) * pi * d**2 * n)
    v = sqrt(8 * k * T / (pi * m))
    print(T, n * k * T, lam, v / lam)
```

దీన్ని నడిపితే రెండు ఉష్ణోగ్రతల దగ్గరా పథం దాదాపు 67 నానోమీటర్లే వస్తుంది. సగటు వేగం మాత్రం సెకనుకు 476 మీటర్ల నుంచి 674 మీటర్లకు పెరుగుతుంది కాబట్టి, ఒక్కో అణువుకు సెకనుకు సుమారు 710 కోట్లుగా ఉన్న అభిఘాతాలు దాదాపు 1,000 కోట్లకు చేరతాయి. మీ పాత లెక్కలో పథం 134 నానోమీటర్లయి, పౌనఃపున్యం 500 కోట్లకు పడిపోయింది. వేగం 1.41 రెట్లే పెరిగి, దూరం మాత్రం రెట్టింపవడమే దానికి కారణం. పీడనం సంగతి ఇంత చిక్కుగా ఉండదు. ఉష్ణోగ్రతను కదపకుండా పీడనాన్ని రెట్టింపు చేస్తే పథం సగమవుతుంది, పౌనఃపున్యం రెట్టింపవుతుంది.

సూత్రంలోని `sqrt(2)` అలంకారానికి పెట్టింది కాదు. మిగతా అణువులు నిలబడి ఉండక అవి కూడా కదులుతున్నందువల్ల, ఒకదాని దృష్టిలో మరొకదాని సాపేక్ష వేగం సగటున అన్ని రెట్లు ఎక్కువ. దాన్ని మరిచిపోతే 67 బదులు 95 నానోమీటర్లు వస్తాయి. `d` స్థానంలో వ్యాసార్ధం ఇస్తే 269, కెల్విన్ బదులు 27 డిగ్రీల సెల్సియస్‌ను అలాగే ఇస్తే 6, పీడనాన్ని మిల్లీబార్లలో ఇస్తే ఏకంగా 6,700 వస్తాయి. మామూలు వాతావరణ పీడనం దగ్గర నైట్రోజన్‌కు 60, 70 నానోమీటర్ల మధ్య రానప్పుడు, వచ్చిన సంఖ్యను బట్టే తప్పు ఏ జాతిదో చాలావరకు పట్టుకోవచ్చు.

లెక్చరర్ గారి మాటకు ఒక చిన్న సవరణ కూడా ఉంది. అణువులు గట్టి గోళీలనుకుంటేనే `d` స్థిరంగా ఉంటుంది. వాస్తవంలో అణువుల మధ్య కొంత ఆకర్షణ ఉండడం వల్ల, నెమ్మదిగా పోయే అణువు కాస్త దూరం నుంచి కూడా దారి మళ్ళుతుంది, వేగంగా పోయేది అంతగా మళ్ళదు. కాబట్టి వేడెక్కిన కొద్దీ అణువు ప్రభావ వ్యాసం తగ్గినట్లు ప్రవర్తిస్తుంది. నైట్రోజన్‌ను మూసిన పాత్రలో 300 నుంచి 600 కెల్విన్‌లకు తీసుకుపోతే, ఈ కారణంగా పథం 15 శాతం పైచిలుకు పెరుగుతుంది. మీ ప్రోగ్రాం చూపిన రెట్టింపుకు, ఈ పెరుగుదలకు సంబంధం లేదు.

ఇక 6.8 మీటర్ల విషయం. అది ప్రోగ్రాం లోపం కాదు. ఆ సాంద్రత గల వాయువు హద్దులు లేకుండా విస్తరించి ఉంటే ఒక అణువు సగటున పోయే దూరం అది. మీ పాత్రలో అణువు అంత దూరం పోకముందే గోడను కొడుతుంది. గోళంలో ఒక గోడ దెబ్బకు, మరో గోడ దెబ్బకు మధ్య సగటు దూరం వ్యాసంలో మూడింట రెండు వంతులు, అంటే ఇక్కడ 20 సెంటీమీటర్లు. దీన్ని బట్టి 300 కెల్విన్‌ల దగ్గర ఒక అణువు సెకనుకు సుమారు 2,400 సార్లు గోడకు తగులుతుంది, తోటి అణువులకు మాత్రం 70 సార్లే. గోడ నుంచి గోడకు చేసే ప్రయాణాల్లో ఇంచుమించు 34కు ఒకదానిలో మాత్రమే దారిలో మరో అణువు అడ్డుపడుతుంది.

ఈ స్థితిలో స్నిగ్ధత, ఉష్ణవాహకత వంటి వాటిని మామూలు వాయువు సూత్రాలతో లెక్కగడితే జవాబు తప్పుతుంది, ఎందుకంటే అణువులు శక్తిని ఒకదానికొకటి అందించుకోవడం మానేసి, నేరుగా గోడకే చేరవేస్తాయి. ప్రోగ్రాంలో అభిఘాత పౌనఃపున్యం పక్కనే `v / 0.2` అనే గోడ దెబ్బల సంఖ్యను కూడా ప్రింట్ చేయించండి. 300 కెల్విన్‌ల దగ్గర ఆ రెండు సంఖ్యలూ దాదాపు 0.034 పాస్కల్ వద్ద సమానమవుతాయి. అంతకు బాగా ఎగువన వచ్చిన పథాన్ని ఉన్నదున్నట్లు వాడుకోవచ్చు. ఆ చుట్టుపక్కల, దిగువన మాత్రం `1 / (1/lam + 1/0.2)` అనే విలువను వాడండి. 0.001 పాస్కల్ దగ్గర అది 6.8 మీటర్లు కాక 19.4 సెంటీమీటర్లు వస్తుంది.