ఫోన్ హాట్‌స్పాట్‌తో వాలరెంట్: పింగ్, డేటా, 64 కేబీపీఎస్ సంగతి

"సెలవులకు ఊరొచ్చాను. ఇక్కడ ఫైబర్ లేదు, రోజుకు 2 జీబీ ప్లాన్ ఉన్న ఫోన్ ఒక్కటే ఉంది. దాని హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్‌లో వాలరెంట్ ర్యాంక్డ్ ఆడొచ్చా? పింగ్ ఎంత రావొచ్చు, డేటా సరిపోతుందా?"

ఆడొచ్చు. మా ఊళ్లో రెండు నెలలపాటు నేను అలాగే ఆడాను. ఇంటి మేడ మీద నుంచి టవర్ కనిపిస్తుంది. 4జీ మీద ముంబై సర్వర్‌కు నాకు పొద్దున పూట 50 నుంచి 60 మిల్లీసెకన్లు వచ్చేది. హైదరాబాద్‌లో ఫైబర్ మీద అదే సర్వర్‌కు 30 దరిదాపుల్లో ఉండేది. ఆ తేడాకు రెండు రోజుల్లో అలవాటు పడిపోతాం. పింగ్ 60లో నిలబడితే ఆట బాగానే సాగుతుంది, 60 నుంచి ఉన్నట్టుండి 300కు ఎగిరి మళ్లీ దిగుతుంటేనే ఆడలేం. హాట్‌స్పాట్‌తో ఉండే అసలు ఇబ్బంది ఆ ఎగుడుదిగుడే. స్పీడ్ టెస్టులో 40 ఎంబీపీఎస్ వచ్చిందని ధైర్యపడితే లాభం లేదు, ఈ ఆటకు ఒక్క ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు.

ముందు ఆ ఎగుడుదిగుడు ఎక్కడ పుడుతోందో పట్టుకోండి. లాప్‌టాప్ నుంచి ఫోన్ దాకా ఒక దారి, ఫోన్ నుంచి టవర్ మీదుగా సర్వర్ దాకా ఇంకో దారి. రెండింటినీ విడివిడిగా చూడాలి. లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `ipconfig` కొడితే Default Gateway దగ్గర కనిపించేదే మీ ఫోన్ అడ్రస్. కింద `<gateway>` ఉన్న చోట ఆ అడ్రస్ వేసి, ఈ రెండూ రెండు కిటికీల్లో ఒకేసారి నడపండి. 1.1.1.1 అనేది టవర్ అవతల ఇంటర్నెట్‌లో ఉండే అడ్రస్:

```
ping -n 100 <gateway>
ping -n 100 1.1.1.1
```

మొదటిది ఎప్పుడూ అయిదారు మిల్లీసెకన్లు దాటకూడదు. అక్కడే మధ్యమధ్యలో 80, 150 కనిపిస్తే తప్పు టవర్‌ది కాదు, మీ గదిలో వైఫైది. నాకు మొదటి వారం ఇదే జరిగింది, నేనేమో టవర్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాను. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 5 GHz బ్యాండ్ పెడితే కొంత తగ్గింది. యూఎస్‌బీ కేబుల్ పెట్టి USB tethering ఆన్ చేస్తే పూర్తిగా పోయింది. కేబుల్ మాత్రం డేటా వెళ్లేది కావాలి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ పెడితే USB tethering ఆప్షన్ మసకగానే ఉండిపోతుంది.

గేట్‌వే బాగుండి 1.1.1.1 మాత్రం ఎగురుతుంటే రెండు కారణాలు చూడండి. ఒకటి టవర్ మీద రద్దీ. మా దగ్గర రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా 60 కాస్తా 110 అయ్యేది. దానికి మనం చేయగలిగింది లేదు, ర్యాంక్డ్ పొద్దునకు మార్చుకున్నాను. రెండోది మన ఇంట్లోనే ఉంటుంది, ఎవరూ అనుమానించరు. ఒకరోజు మ్యాచ్ మధ్యలో పింగ్ 700కు పోయి రెండు నిమిషాలపాటు దిగలేదు. ఆల్ట్ ట్యాబ్ కొట్టి `resmon` తెరిచి Network ట్యాబ్‌లో చూస్తే వన్‌డ్రైవ్, చెల్లి పెళ్లి ఫోటోలు పైకి పంపుతోంది. మొబైల్ నెట్‌లో డౌన్‌లోడ్‌తో పోలిస్తే అప్‌లోడ్ దారి బాగా సన్నం. అది నిండితే ఆట పంపే చిన్న ప్యాకెట్లు ఫోటోల వెనక వరసలో నిలబడాలి. వైఫై కనిపించగానే లాప్‌టాప్ దాన్ని ఇంటి నెట్ అనుకుని ఇలాంటి పనులన్నీ మొదలుపెట్టేస్తుంది.

అందుకే విండోస్ సెట్టింగ్స్‌లో Network & internet లోకి వెళ్లి ఆ కనెక్షన్‌కు Metered connection ఆన్ చేయండి. వైఫైకి ఆన్ చేసి, తర్వాత కేబుల్‌కు మారితే అది Ethernet పేరుతో వేరే కనెక్షన్‌గా వస్తుంది. అక్కడ మళ్లీ ఆన్ చేయాలి. నేను ఇది మర్చిపోయి ఒక రోజు డేటా మొత్తం విండోస్ అప్‌డేట్‌కు పోగొట్టుకున్నాను. ఫోన్‌లో ఫోటోల బ్యాకప్ కూడా మొబైల్ డేటా మీద నడవకుండా ఆపండి.

ఇక డేటా. నేను Data usage లో చూసుకున్నంతలో ఆట గంటకు దాదాపు 200 ఎంబీ తినేది. స్నేహితులతో డిస్కార్డ్‌లో మాట్లాడితే దానికి ఇంకో 30, 40 ఎంబీ. నాలుగు గంటలు ఆడినా 1 జీబీ దగ్గరే ఆగుతుంది, మీ 2 జీబీకి ఢోకా లేదు. ముంచేవి ప్యాచ్‌లు. రెండు మూడు వారాలకొకసారి వస్తాయి, కొన్ని జీబీల్లో ఉంటాయి. ప్యాచ్ వేసుకోకుండా ఆట తెరుచుకోదు. ప్యాచ్ రోజున నేను లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని టౌన్లో బాబాయి వాళ్లింటికి వెళ్లేవాణ్ని.

రోజు కోటా అయిపోతే నెట్ ఆగదు, చాలా ప్లాన్లలో 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. దాంతో ఎలాగోలా ఆడేయొచ్చని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి: గంటకు 200 ఎంబీ అంటే సెకనుకు దాదాపు 440 కిలోబిట్లు. 64 దానికి ఏడో వంతు. మ్యాచ్ మధ్యలో కోటా దాటితే ఆట అక్కడే బిగుసుకుపోతుంది, బయటపడ్డందుకు పెనాల్టీ కూడా పడుతుంది. కోటాలో 300 ఎంబీ కంటే తక్కువ మిగిలి ఉంటే ర్యాంక్డ్ క్యూ నొక్కకండి. సాధారణంగా కోటా అర్ధరాత్రి మళ్లీ మొదలవుతుంది, అప్పటికి టవర్ కూడా ఖాళీ అవుతుంది.

మీ ప్లాన్‌లో అన్‌లిమిటెడ్ 5జీ ఉంటే ఒక మాట. ఆ అన్‌లిమిటెడ్ ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే. గది లోపల సిగ్నల్ తగ్గి ఫోన్ 4జీకి జారితే డేటా రోజు కోటాలోంచే పోతుంది. పైగా 5జీ, 4జీ మధ్య ఊగే ప్రతిసారీ ఆటలో అరసెకను, సెకను గడ్డకట్టినట్టవుతుంది. మా ఇంట్లో మేడ మీద 5జీ, కింద 4జీ. ఫోన్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 4జీకి కట్టేసి కింద ఆడితేనే నిలకడగా ఉండేది. హాట్‌స్పాట్‌లో పంచుకునే డేటాకు వేరే షరతు ఏదైనా ఉందేమో మీ ప్లాన్ నిబంధనల్లో చదవండి. అమెరికాలో ఉన్న మా అన్నయ్య ప్లాన్‌లో ఫోన్‌కు అన్‌లిమిటెడ్ ఉన్నా హాట్‌స్పాట్‌కు వేరే కోటా ఉంది, అది దాటితే లాప్‌టాప్‌కు మాత్రమే స్పీడ్ తగ్గిపోతుంది.

రెండు సిమ్‌లు ఉంటే ఇంకో చిక్కు. డేటా ఒక సిమ్‌లో నడుస్తుండగా రెండో సిమ్‌కు కాల్ వచ్చి ఎత్తితే చాలా ఫోన్లలో డేటా ఆగిపోతుంది. అమ్మ రెండో నంబరుకే చేస్తుంది కాబట్టి ఆడేటప్పుడు ఆ సిమ్‌కు వచ్చే కాల్స్‌ను ఇంట్లో ఇంకో ఫోన్‌కు ఫార్వర్డ్ చేసేవాణ్ని.

వాలరెంట్ సర్వర్లు కంపెనీవే కాబట్టి మీకు ఇంతవరకు చాలు. అదే మైన్‌క్రాఫ్ట్‌లాంటిది మీ లాప్‌టాప్‌లో హోస్ట్ చేసి స్నేహితుల్ని రమ్మంటే మాత్రం రాలేరు. మొబైల్ కంపెనీలు ఒకే ఐపీవీ4 అడ్రస్‌ను ఎంతోమందికి పంచుతాయి, బయటినుంచి వచ్చే కనెక్షన్ మీ ఫోన్ దాకా చేరదు. ఫోన్‌లో ఏ సెట్టింగ్ మార్చినా ఇది తెరుచుకోదు. బయటినుంచి కనెక్షన్ చేరే ఫైబర్ ఉన్నవాళ్లెవరైనా హోస్ట్ చేస్తే మీరు చేరొచ్చు.

ఫోన్ వేడెక్కినా నెట్ కుంటుపడుతుంది. కేబుల్ మీద ఛార్జ్ అవుతూ గంటలకొద్దీ డేటా పంచుతుంది కదా, కవర్ తీసి కిటికీ గట్టు మీద, ఎండ తగలని చోట పెట్టండి. మా ఇంట్లో మంచం మీద నుంచి గట్టు మీదకు మార్చడంతోనే సిగ్నల్ కూడా ఒక గీత పెరిగింది.