సైట్ సూపర్‌వైజర్ నుంచి ప్రాజెక్ట్ మేనేజర్‌ దాకా

తిరుపతిలో సైట్ సూపర్‌వైజర్‌ని, డిప్లొమా సివిల్. ప్రాజెక్ట్ మేనేజర్ కావాలంటే ఏం చేయాలి?

ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. పెద్ద కంపెనీలు డిగ్రీ అడుగుతాయి. కానీ అసలు తేడా లెక్క దగ్గరే ఉందండి. పని చేయించడం మీకు ఎలాగూ వచ్చు, సరుకు ఎక్కడికి పోయిందో చెప్పడం కూడా రావాలి.

రేణిగుంట వైపు మేం 100 చదరపు మీటర్ల స్లాబ్ వేశాం. మందం 125 మిల్లీమీటర్లు, అంటే 12.5 ఘనమీటర్ల కాంక్రీటు. మా మిక్స్‌లో ఘనమీటరుకు 8 బస్తాల చొప్పున 100 బస్తాలు చాలాలి. 112 అయ్యాయి. అందరూ స్టోర్ వాచ్‌మన్‌ని అనుమానించారు. డక్ట్ అంచుల దగ్గర టేపు పెట్టి చూస్తే మందం 140 ఉంది! లెవెల్ గుర్తులు పెట్టకుండానే పోసేశారు. ఆ 15 మిల్లీమీటర్లే 12 బస్తాలు, పైగా బీముల మీద అనవసరపు బరువు.

ప్రతి స్లాబ్‌కీ ఈ లెక్క అదే సాయంత్రం డైరీలో రాయండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అదే పనికొస్తుంది.