“అంట” ఒక్కటి పోతే మామ దొంగయినాడు

పాపా,

కడపలో నీకు గెస్ట్ లెక్చరర్ పని దొరికిందని, మొదటి కట్టగా తెలుగు నుంచి ఇంగ్లీషుకు అనువాదం పేపర్లే ఇచ్చినారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో పాటు భయమూ వేసింది. నీకు మంచి ఇంగ్లీషు చదవడం ఇష్టం. నా భయం అక్కడే.

పేర్లు చూడకుండా దిద్దు. మార్కులు వేయకుండా ముందు నాలుగైదు పేపర్లు చదువు. ఈ రెండూ నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం వివరంగా రాస్తా. అనంతపురంలో దిద్దిన రోజులవి. పదిహేను వాక్యాల కథ ఇచ్చినా. శనక్కాయ బస్తాల గురించి అన్నదమ్ములకీ మేనమామకీ వచ్చిన గొడవ అది. మొదటి రెండు వాక్యాలే “మామ కాయంతా అమ్మేసినాడంట. మేము పోయేసరికి సంచులు లేవు.” ఒక పిల్లోడు “అంకుల్ హ్యాడ్ సోల్డ్ ద హోల్ క్రాప్. బై ద టైమ్ వుయ్ గాట్ దేర్, ద శాక్స్ వర్ గాన్” అని రాసినాడు. చదువుతుంటే నీళ్ళలా పోతుంది. పదికి తొమ్మిది వేసేసినా. ఇంకో పాప “దే సే అంకుల్ సోల్డ్ గ్రౌండ్‌నట్స్. వెన్ వుయ్ వెంట్, బ్యాగ్స్ ఆర్ నాట్ దేర్” అని రాసింది. కాలాలు తప్పు, వాక్యాలు ముక్కలు ముక్కలు. నాలుగు వేసినా.

పేపర్లు తిరిగి ఇచ్చినాక ఆ పాప నా టేబుల్ దగ్గరికి వచ్చింది. “మేడం, అంట అంటే చూడలేదని కదా. మామ అమ్మలేదు కదా, కథ చివర్లో ఉంది” అనింది. వానకు తడుస్తాయని మామ సంచులు వేరే ఇంట్లో పెట్టించినాడని చివరి వాక్యం. ఊరి పుకారును ఆ పిల్లోడు నిజం చేసి పడేసినాడు. మామను దొంగను చేసినాడు. మొదటికీ చివరికీ పొంతన లేకపోయినా ఇంగ్లీషు బాగుందని నేను ఆగి చూడలేదు. మార్కుల లిస్టు అప్పటికే పంపేసినా. మార్చలేదు. ఆ పాప ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

అందుకే రెండు సార్లు చదువు. మొదటి సారి తెలుగు పక్కన పెట్టుకుని వాక్యానికి వాక్యం పోల్చు. అర్థం వరకే చూడు, ఇంగ్లీషు ఎట్లుందో పట్టించుకోవద్దు. “అంట”, “మనం–మేము”, “ఉండొచ్చు” లాంటివి జారిపోయినాయా అని వెతుకు. రెండో సారి తెలుగు మూసేసి, ఇంగ్లీషు ఒక్కటే పైకి చదువు. నాలుక తట్టుకున్న చోటల్లా సహజత్వం మార్కు తగ్గించు. తప్పుల బరువు కూడా సమానం కాదు. అమెరికా అనువాదకుల సంఘం పరీక్షలో తప్పు పెద్దదయ్యే కొద్దీ 1, 2, 4, 8 ఇట్లా రెట్టింపు చేసుకుంటూ పోతారు. నీకంత అవసరం లేదు. అర్థానికి 5, మర్యాదకు 2, సహజత్వానికి 3 అని పెట్టుకో. ఆ లెక్కలో పాపకు 5, 2, 1 కలిపి ఎనిమిది వచ్చేది. పిల్లోడికి అర్థంలో రెండే, మిగతావి నిండా వేసినా ఏడు. ఒకే తప్పుకు రెండు గళ్ళలోనూ కోయొద్దు. శనక్కాయను శనగలనుకుని ఐదు చోట్ల “చిక్‌పీస్” అని రాసినా, అది ఒక్క తప్పే.

మర్యాద దగ్గర నీ చేతికి పదును ఎక్కువ, నాకు తెలుసు. నువ్వు, మీరు అనే తేడా ఇంగ్లీషులో “యూ”తోనే పోతుంది. అది పిల్లల తప్పు కాదు. ఆ తేడాను వాక్యం తీరులోనో, “సర్” అనే మాటలోనో చూపించినారా అని చూడు. “ఏమప్పా, బాగుండావా” ఉంటే “ఫాదర్” అని రాసిన వాళ్ళకు కోయి. “డ్యూడ్” అని రాసిన వాళ్ళకూ కోయి. “హలో, హౌ ఆర్ యూ” చాలు, నిండా వేయి. “నువ్వెవర్రా అడగడానికి” ఉంటే “మే ఐ నో హూ యూ ఆర్” అని రాస్తారు చూడు, వాళ్ళు ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే. కోపమంతా ఆరిపోతుంది అందులో. ఒక మార్కు తీసేయి.

నీ పేపర్లో ఒక వాక్యానికి రెండు అర్థాలు వస్తాయేమో కూడా ముందే చూసుకో. “అందరూ రాలేదు” అని నువ్వే ఇచ్చి, ఒకరు “ఎవరూ రాలేదు” అని, ఇంకొకరు “కొందరే వచ్చినారు” అని రాస్తే ఇద్దరికీ వేయాల్సిందే. ప్రశ్న నీది కదా.

రాత్రి పదిన్నర దాటినాక దిద్దొద్దు పాపా, నీకు కళ్ళు మంటలు పుడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. ఆదివారం బస్సుకి వచ్చేయి, కట్ట తీసుకురా. మొదటి పది పేపర్లు ఇద్దరం విడివిడిగా దిద్ది, మార్కులు పక్కపక్కన పెట్టి చూద్దాం. శనక్కాయ వేయించి పెడతా.

నీ పెద్దమ్మ